ఆంటిగొనీ చదువుతున్న మేనకోడలికి, కోరస్ గురించి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ప్రాచీన గ్రీకు కవి సోఫోక్లీస్ నాటకం ‘ఆంటిగొనీ’ ఒక్క రాత్రిలో చదివేశానని, రాజు వద్దన్నా అన్న శవానికి మట్టి వేసినందుకు ఆ పిల్లను సజీవ సమాధి చేయడం చదివి నిద్ర పట్టలేదని రాశావు. మధ్యమధ్య ముసలివాళ్ళు పాడే పాటలు మాత్రం కథకు అడ్డం వస్తున్నాయనిపించి దాటేశానని కూడా రాశావు. ఆ దాటేసిన పేజీల గురించే ఈ ఉత్తరం. వాటిని మళ్ళీ చదివేటప్పుడు ఏం చూసుకోవాలో, నేను ఇన్నేళ్ళుగా ఎలా చదువుతున్నానో అలాగే చెబుతాను.

ముందు మాట దగ్గరే చిక్కు ఉంది. కోరస్ అనగానే మనకు సినిమా పాటలో పల్లవిని వెనక నుంచి అందుకునే గొంతులు గుర్తొస్తాయి. కథలో వాళ్ళకు ఇల్లూ వాకిలీ ఉండవు. బుర్రకథలో వంతపాడేవాళ్ళతో పోల్చుకుందామన్నా, వాళ్ళు కథకుడి పక్కన నిలబడేవాళ్ళే గాని కథలో మనుషులు కారు. సోఫోక్లీస్ కోరస్ కథలోని మనుషులే. ఈ నాటకంలో వాళ్ళు పదిహేను మంది థీబ్స్ నగర పెద్దలు. ముఖానికి తొడుగులు పెట్టుకుని, ఆలోస్ అనే జంట వేణువు మోగుతుంటే, రంగస్థలం ముందున్న ఆర్కెస్ట్రా అనే ఆటస్థలంలో పాడుతూ అడుగులు వేస్తారు. ఒకసారి వచ్చాక నాటకం ముగిసేదాకా అక్కడే ఉంటారు. రాజు లోపలికి వెళ్ళినా, దూత వచ్చి పోయినా, ఆంటిగొనీని తీసుకుపోయినా వాళ్ళు కదలరు. కాబట్టి పుస్తకంలో వాళ్ళ పేరు కనిపించని పేజీలో కూడా వాళ్ళు వింటున్నారని గుర్తుపెట్టుకుని చదవాలి.

వాళ్ళను అక్కడికి ఎవరు పిలిచారో చూడు. థీబ్స్ రాజు క్రెయోన్ తన మొదటి ప్రసంగంలోనే చెబుతాడు: లాయస్ సింహాసనానికి, ఆ తర్వాత ఈడిపస్‌కు, అతని కొడుకులకు మీరు విధేయులుగా ఉన్నారు గనుక ఊరందరిలోనూ మిమ్మల్ని ఏరి పిలిపించాను, అని. అంటే ఇది ఊరందరి గొంతు కాదు, రాజు ఎంపిక చేసుకున్న పెద్దల గొంతు. కోరస్ అంటే ప్రజావాణి అని పాఠ్యపుస్తకాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు గాని ఈ నాటకమే దానికి ఒప్పుకోదు. ఆంటిగొనీ క్రెయోన్ ముఖం మీదే అంటుంది, భయం నోరు కట్టేయకపోతే వీళ్ళందరూ నేను చేసింది మంచిదనే అంటారని. తర్వాత ఆంటిగొనీని పెళ్ళాడవలసిన క్రెయోన్ కొడుకు హైమోన్ వచ్చి, ఊళ్ళో జనం చీకటిమాటున ఆ పిల్ల కోసం ఏడుస్తున్నారని తండ్రికి చెబుతాడు. కళ్ళెదుట పదిహేను మంది పెద్దలు ఉండగా, వాళ్ళ నోట రాని ఊరి మాట ఒక కుర్రవాడి ద్వారా వినిపిస్తోంది. సమష్టి గొంతు అన్న మాటను ఈ రెండింటి మధ్య ఉన్న ఎడంతో కలిపి అర్థం చేసుకో.

ఇక పాటల దగ్గరికి వద్దాం. ప్రతి పాట దగ్గరా ఆగి, ఈ క్షణానికి వీళ్ళకు ఏం తెలుసు, నాకు ఏం తెలుసు అని మార్జిన్‌లో పెన్సిలుతో రెండు ముక్కలు రాసుకోమని నా సలహా. ప్రవేశగీతాన్నే తీసుకో. పెద్దలు పొద్దుటి సూర్యకిరణాన్ని పలకరిస్తూ వస్తారు. శత్రుసేన రాత్రికి రాత్రి పారిపోయింది, ఇక యుద్ధాన్ని మరిచిపోయి గుళ్ళన్నిటా ఆడిపాడుదాం అంటారు. అంతకు ముందే చీకట్లో ఆంటిగొనీ, ఇస్మీనీ అనే అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మనం విన్నాం, వాళ్ళు వినలేదు. వాళ్ళు మరిచిపోదామంటున్న యుద్ధం ఆంటిగొనీ అన్న శవం రూపంలో గోడ అవతల పడి ఉందని మనకు తెలుసు. ఆ సంతోషం వినేటప్పుడు మన కడుపులో కలిగే ఇబ్బంది కోసమే కవి ఆ పాటను అక్కడ పెట్టాడు.

ఇప్పుడు ఒక పాటను దగ్గర పెట్టుకుని చూద్దాం. 332 నుంచి 375 వరకు ఉన్న పంక్తులు, మనిషిని గురించిన పాట. నేను దాన్ని మొదట ఒక సంకలనంలో విడి కవితగా చదివాను, చాలాకాలం మానవ ప్రతిభకు స్తోత్రమనే అనుకున్నాను. నాటకంలో దాని చోటు చూశాకే పొరపాటు తెలిసింది.

దానికి ముందు దృశ్యంలో కావలివాడు వచ్చి, ఎవరో శవం మీద మట్టి చల్లారని చెబుతాడు. ఇది దేవతల పనేమోనని పెద్దల నాయకుడు మెల్లగా అంటే క్రెయోన్ మండిపడతాడు. చేసినవాణ్ణి పట్టి తేకపోతే మీ ప్రాణాలు దక్కవని కావలివాణ్ణి బెదిరించి లోపలికి పోతాడు. కావలివాడు ఇక ఈ గడప తొక్కనని తనలో అనుకుంటూ బయటపడతాడు. అప్పుడు పెద్దలు అందుకుంటారు: లోకంలో ‘దేయినా’ అనదగినవి ఎన్నో ఉన్నాయి, మనిషిని మించినది ఏదీ లేదు. ఈ గ్రీకు మాటకు భీకరమైనది అనీ, అబ్బురమైనది అనీ, నేర్పు గలది అనీ అర్థాలున్నాయి. తెలుగులో అద్భుతం అంటే భయం పోతుంది, భీకరం అంటే మెప్పు పోతుంది. ఇంగ్లీషు అనువాదాలు చాలావరకు మెప్పు వైపే మొగ్గుతాయి. అయితే కొద్దిసేపటి క్రితం భయంతో వణికిన కావలివాడి నోట కూడా ఇదే మాట వచ్చింది. కాబట్టి నీ ప్రతిలో ఆ మాట పక్కన రెండు అర్థాలూ రాసుకో.

పాటలో మనిషి సముద్రం దాటుతాడు, నాగలితో భూమిని అలసిపోయేలా దున్నుతాడు, పక్షులకు వల పన్నుతాడు, గుర్రానికి కాడి కడతాడు, మాట నేర్చుకుంటాడు, ఊళ్ళు కట్టుకుంటాడు. చావుకు మాత్రం తప్పించుకునే దారి కనిపెట్టలేడు. ఇక్కడ కట్టుబడి గురించి కొంచెం చెప్పాలి. గ్రీకు ఛందస్సు కూడా మన ఛందస్సులాగే గురులఘువుల మీద నడుస్తుంది. కోరస్ పాటలో స్ట్రోఫీ అనే చరణానికి కవి ఒక గురులఘు క్రమం కొత్తగా కట్టుకుంటాడు, ఆ వెంటనే వచ్చే ఆంటిస్ట్రోఫీ అదే క్రమాన్ని ఇంచుమించు అక్షరం అక్షరంగా మళ్ళీ పాటిస్తుంది. గణవిభజన చేసిన నీకు ఇది సులభంగా అందుతుంది. ఈ పాటలో రెండో స్ట్రోఫీలో ఒకచోట ‘పాంటోపొరోస్, అపొరోస్’ అని రెండు మాటలు పక్కపక్కనే పడతాయి. అన్ని దారులూ తెలిసినవాడు అని మొదటిది, దారి లేనివాడు అని రెండోది. దారి లేక దేనికీ తడుముకోడు అని తర్వాతి మాటలు వాక్యాన్ని సరిదిద్దుతాయి గాని, వినే చెవికి ముందుగా తగిలేది ఆ ఢీకొట్టడమే. సరిగ్గా అదే స్థానంలో ఆంటిస్ట్రోఫీలో ‘హుప్సిపొలిస్, అపొలిస్’ అని వస్తుంది. ఊళ్ళో ఉన్నతుడు, ఊరే లేనివాడు. అదే లయ, బహుశా అవే అడుగులు. అనువాదంలో లయ పోతుంది గాని చోటు పోదు, కాబట్టి రెండు చరణాలనూ పక్కపక్కన రాసుకుని వరుసకు వరుస చూడు.

నేల చట్టాలనూ, దేవతల మీద ఒట్టుపెట్టిన న్యాయాన్నీ గౌరవించేవాడు ఊళ్ళో ఉన్నతుడని, తెగువతో తప్పుకు ఒడిగట్టినవాడు ఊరు లేనివాడని, అలాంటివాడు నా పొయ్యి దగ్గర కూర్చోకూడదని పెద్దలు ముగిస్తారు. వాళ్ళ మనసులో ఉన్నది శవం మీద మట్టి చల్లిన ఎవరో తెలియని మనిషి. ఆ మాట నోట ఉండగానే కావలివాడు ఆంటిగొనీని పట్టుకుని వస్తాడు, ఇది దేవతలు పంపిన వింతా అని వాళ్ళు నివ్వెరపోతారు. నేల చట్టం క్రెయోన్ పక్కన, దేవతల న్యాయం ఆంటిగొనీ పక్కన నిలబడ్డాయి. పాట రెండింటినీ ఒక్క వాక్యంలో చేర్చింది, కథ వాటిని విడదీసింది. ఊరు లేనివాడు ఎవరన్న ప్రశ్న చివరికి క్రెయోన్ దగ్గరే తేలుతుంది, కాని పాడుతున్నవాళ్ళకు అది తెలియదు. అందుకే కోరస్ వ్యాఖ్యను కవి తీర్పుగా రాసుకోవద్దు. అది ఆ మనుషులు ఆ గడియలో, తమకు తెలిసినంతలో వేసుకున్న లెక్క.

ఆ నలభై నాలుగు పంక్తుల సేపట్లో బయట ఏం జరిగిందో కూడా చూడు. కావలివాడు తిరిగి వచ్చి చెబుతాడు: శవం మీది మట్టి ఊడ్చాం, గాలివాటుగా గుట్ట మీద కూర్చున్నాం, సూర్యుడు నడినెత్తికి వచ్చి ఎండ మాడ్చేదాకా కాశాం, దుమ్ముగాలి లేచింది, అది తగ్గాక ఈ పిల్ల ఖాళీ గూడు చూసిన పక్షిలా ఏడుస్తూ కనిపించింది, అని. పాట మొదలైనప్పుడు ఇంకా పొద్దుటిపూటే, ముగిసేసరికి మధ్యాహ్నం దాటింది. తెర లేని ఆ నాటకశాలలో కాలం గడిచేది పాటలోనే. నువ్వు అడ్డం అనుకున్న విరామంలో అసలు పని జరుగుతోంది, మనల్ని మాత్రం దానికి దూరంగా ఉంచి పాట వినిపిస్తున్నారు.

చివరి పాటలో ఇది మరీ కఠినంగా ఉంటుంది. అంధుడైన జోస్యుడు తైరీసియస్ హెచ్చరించి వెళ్ళాక పెద్దల నాయకుడు, నా నల్లజుట్టు తెల్లబడినంత కాలంలో ఈయన ఊరికి అబద్ధం చెప్పగా ఎరగనంటాడు. ఏం చేయాలో చెప్పు, వింటానని క్రెయోన్ అడుగుతాడు. వెళ్ళి ముందు పిల్లను విడిపించు, పడి ఉన్నవాడికి సమాధి కట్టు అని నాయకుడు చెబుతాడు. కోరస్‌ను నటుల్లో ఒకరిగా చూడాలని, ఆ విషయంలో సోఫోక్లీస్ పద్ధతి అనుసరించాలని అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’లో అన్నది ఇలాంటి చోటు చూస్తే అర్థమవుతుంది. క్రెయోన్ పరుగెత్తాడు, పెద్దలు డయొనీసస్ దేవుణ్ణి రమ్మని ఆశతో ఆడిపాడారు. పాట ఆగగానే దూత వచ్చాడు. రాజు ముందు శవానికి సంస్కారం చేసి, దిబ్బ పోసి, తర్వాత గుహకు వెళ్ళాడట. చెప్పిన వరుస తిరగబడింది. పిల్ల అప్పటికే ఉరిపోసుకుంది, హైమోన్ తండ్రి కళ్ళెదుటే కత్తితో పొడుచుకున్నాడు. 1115వ పంక్తి దగ్గర మొదలయ్యే ఆ పాటను దూత మాటలు చదివాక వెనక్కి వచ్చి ఇంకోసారి చదువు.

మళ్ళీ చదివేటప్పుడు, ఎక్కడ ఎవరు పాడుతున్నారు, ఎవరు మాట్లాడుతున్నారు అన్నది రంగు పెన్సిలుతో గుర్తుపెట్టు. మంచి అనువాదాల్లో పాట పంక్తులను లోపలికి జరిపి అచ్చు వేస్తారు. సమాధికి నడుస్తూ ఆంటిగొనీ పాడితే పెద్దలు మొదట నడక లయలోనే జవాబిస్తారు, ఆమెతో గొంతు కలపరు. నాటకం చివర, కొడుకు శవంతో తిరిగొచ్చిన క్రెయోన్ మొదటిసారి పాట అందుకుంటాడు. అంతవరకు అతను ఆజ్ఞలు, వాదనలు తప్ప ఎరగడు. ఇన్నిసార్లు పాడిన పెద్దలు ఈసారి మామూలు మాటలతో సమాధానం చెబుతారు. ఆ చోట నువ్వు ఏం గుర్తుపెట్టావో, నీ మార్జిన్‌లో ఏం రాసుకున్నావో నాకు రాసి పంపు.

మీ మామయ్య