రెండు ఫ్లాట్ల సంగతి సరే, ఆ రెండు లక్షల మాటేంటి?

"అక్కా, మాది బరంపురం. నెలకి 9 వేలు అద్దె కడుతున్నాం. అంబపువా వైపు కడుతున్న ఫ్లాట్ 38 లక్షలు, రెండున్నరేళ్ళలో ఇస్తామంటున్నారు, మా బావగారికి (పెద్దక్క భర్త) తెలిసినవాళ్ళదే. లంజిపల్లిలో రెడీగా ఉన్నది 44 లక్షలు, మా ఆవిడకి అదే నచ్చింది. బుకింగ్‌కని బావగారి చేతికి 2 లక్షలు ఇచ్చేశాను, ఆవిడకి ఇంకా చెప్పలేదు. అగ్రిమెంట్ తర్వాత చూద్దాం, ముందు మొత్తం 8 లక్షలు కట్టమంటున్నారు, ఆవిడ బంగారం తాకట్టు పెడితే సర్దుకుంటుంది. ధర చూస్తే మొదటిదే మేలు కదా?"

తమ్ముడూ, ధర ఒక్కటే చూస్తే మొదటిదే మేలు. మీ బావ లెక్క తప్పేం కాదు. తేడా 6 లక్షలు, అందులో ముప్పై నెలల అద్దె 2 లక్షల 70 వేలు పోతుంది. జీఎస్టీ ఒకటుంది, కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్ల లోపుండి ధర 45 లక్షలు దాటకపోతే ఒక శాతమే, అంటే 38 వేలు, ఏరియా దాటితే మాత్రం అయిదు శాతం, లక్షా తొంభై వేలు, అది ముందే అడుగు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేసిన రెడీ ఫ్లాట్‌కి జీఎస్టీ ఉండదు. ఇవన్నీ పోగా ఒక శాతం లెక్కన నీకు దగ్గర దగ్గర 2 లక్షల 90 వేలు మిగులుతుంది. బ్యాంకు వడ్డీ రెండింటికీ ఉంటుంది, కడుతున్నదానికి లోన్ విడతల్లో ఇస్తారు కాబట్టి మొదట్లో తక్కువే.

కానీ అది ఊరికే తగ్గించట్లేదు కదా, ఇల్లు టైముకి రాకపోతే ఆ భారం నువ్వు మొయ్యాలనే తగ్గిస్తున్నారు. లేటైతే ఎలా ఉంటుందో చూడు, అప్పటికి బ్యాంకు 27 లక్షలు ఇచ్చేసిందనుకో, ఎనిమిదిన్నర శాతం వేసుకుంటే వడ్డీయే నెలకి 19 వేలు, పైన అద్దె 9 వేలు, మొత్తం 28 వేలు కడుతూనే ఉంటావు, లోన్ మొత్తం ఇచ్చి ఈఎమ్ఐ మొదలయ్యేదాకా అసలులో ఒక్క రూపాయి తగ్గదు.

ఈ భారం మొయ్యడానికి చట్టం నీకు ఇచ్చిన అండ ఒకటుంది, 2016 రెరా చట్టం. నువ్వు దాన్నే వదిలేసుకుంటున్నావు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు, నీ 38 లక్షలకి 3 లక్షల 80 వేలే, వాళ్ళు 8 అడుగుతున్నారు! చెప్పిన తేదీకి ఇవ్వకపోతే వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు, కానీ ఆ తేదీ అగ్రిమెంట్‌లో ఉండాలిగా, బావగారి నోట్లో ఉంటే ఎవరికి చూపిస్తావు? rera.odisha.gov.in లో ఆ ప్రాజెక్ట్ రిజిస్ట్రేషన్ నంబర్ వెతుకు, పూర్తి చేసే తేదీ అక్కడ బిల్డరే ఇచ్చి ఉంటాడు, మీ బావ చెప్పే రెండున్నరేళ్ళతో కలిసిందో లేదో తెలిసిపోతుంది. ఎనిమిది లోపు ఫ్లాట్లో, 500 చదరపు మీటర్ల లోపు స్థలమో అయితే రిజిస్ట్రేషనే అక్కర్లేదు, అలాంటిదైతే మాత్రం నేనైతే వద్దంటాను.

ఇంక అసలు సంగతి. నువ్వు ఫ్లాట్ల మధ్య తేల్చుకోలేక రాయలేదు, బావగారికి వద్దని చెప్పలేక రాశావు. అక్క మొగుడు, మర్యాద, సరే. ఆ మర్యాదకి ఖర్చు నీ భార్యతో పెట్టిస్తావేం? బంగారం ఆవిడది, పుట్టింటివాళ్ళు పెట్టింది, తాకట్టు పెట్టాలనుకున్నావు గానీ 2 లక్షలు ఇచ్చిన ముక్క చెప్పాలనుకోలేదు. నాకు ఇది చదివి ఒళ్ళు మండింది, దాచుకోను. రేపు ఆలస్యమైతే ఆవిడ అడిగేది ఫ్లాట్ గురించి కాదు, నాకెందుకు చెప్పలేదని.

ఆవిడ లంజిపల్లిది ఎందుకంటోందో ఒకసారి అడిగావా? రెడీ ఫ్లాట్‌ని కళ్ళతో చూడొచ్చు, వాన పడ్డ మర్నాడు వెళ్ళి బాత్రూం పక్క గోడలు, స్లాబ్ కింద చెమ్మ తడిమి చూడొచ్చు. 2013లో ఫైలిన్ వచ్చి వెళ్ళాక మన ఊళ్ళో ఎవరి మేడ కారిందో అందరికీ తెలిసింది, కట్టని ఇంట్లో అది తెలిసే దారి లేదు. అదే కొంటే ఆవిడ పేరునే రిజిస్టర్ చెయ్యి, ఒడిశాలో ఆడవాళ్ళకి స్టాంప్ డ్యూటీ ఒక శాతం తక్కువ, 44 లక్షలకి 44 వేలు. నెలకి ఈఎమ్ఐ మొయ్యలేకపోతే మాత్రం అద్దెలోనే ఉండండి, అది నామోషీ ఏం కాదు.

ముందు ఈ రాత్రే ఆవిడకి 2 లక్షల మాట చెప్పు. ఆదివారం ఇద్దరూ కలిసి అక్క ఇంటికి వెళ్ళండి, బిల్డర్ కంపెనీ పేరున రసీదు, రెరా నంబర్, రిజిస్టర్ అగ్రిమెంట్ ఎప్పుడో అక్క ఎదురుగానే అడుగు. ఉంటే అంబపువాది మళ్ళీ ఆలోచించొచ్చు, ఇద్దరూ కూర్చుని. లేదంటే డబ్బు వెనక్కి ఇప్పించమను. "నా మీదే నమ్మకం లేదా" అని బావ అంటాడు, తప్పకుండా అంటాడు. "నమ్మకం ఉంది బావగారూ, రసీదు బ్యాంకు అడుగుతోంది" అను.