రాఫ్ట్ పై మ్యాట్‌కి చైర్ ఎత్తు ఎంత?

“రాఫ్ట్ పునాది మందం 600 మి.మీ. కవర్ పైనా కిందా 50. రెండు మ్యాట్లూ 16 ఎం.ఎం. రాడ్లే, 150 దూరంలో. పై మ్యాట్‌ని ఎత్తి పట్టే చైర్లు బార్ బెండర్ 500 ఎత్తుతో చేస్తానంటున్నాడు. సరిపోతుందా? ఎంత దూరానికొకటి పెట్టాలి?”

500 వద్దండీ, ఆపించండి. ఆయన రెండు కవర్లు మాత్రమే తీసేశారు, రాడ్ల మందం వదిలేశారు. కింది మ్యాట్‌లో అడ్డం నిలువు కలిపి 32, పై మ్యాట్‌లో ఇంకో 32, చైర్ల మీద వరసగా వేసే స్పేసర్ బార్ 16. ఇవన్నీ పోగా మిగిలేది 420, అదే చైర్ మొత్తం ఎత్తు. 500తో చేస్తే 50, 32, 500, 16, 32 కలిపి 630 అవుతుంది, అంటే పై రాడ్లు కాంక్రీటు లెవెల్ కంటే 30 మి.మీ. పైకి తేలతాయి. అప్పుడు సైట్లో చేసే పని చైర్లను కొట్టి వంచడం, అక్కడి నుంచి ఏ చైర్ ఎత్తు ఎంతో ఎవరికీ తెలియదు.

దూరం రెండు వైపులా మీటరుకొకటి పెట్టండి, చైర్ రాడ్ ఈ ఎత్తుకి 16 అయితే నమ్మకం. పై మ్యాట్ బరువు చదరపు మీటరుకి 21 కిలోలే, దానికి చైర్లు వంగవు. కాంక్రీటు వేసేటప్పుడు ఒకేచోట నిలబడే నలుగురు మనుషులు, పంపు పైపు ఈడ్చడం, అసలు దెబ్బ వాటిదే. నేను చూసిన ఒక రాఫ్ట్‌లో చైర్లు సన్న రాడ్‌తో, బాగా దూరం దూరంగా పెట్టారు, పైపు లాగిన వైపుకి ఒక వరస మొత్తం ఒరిగిపోయింది, పైన కాంక్రీటు మాత్రం చక్కగా లెవెల్‌గా కనిపించింది. అందుకే వరసకి ఒకటి రెండు చోట్ల ఏటవాలుగా ఒక రాడ్ కట్టించండి. మ్యాట్ 40 మి.మీ. దిగినా మీ 600 రాఫ్ట్‌లో పై స్టీల్‌కి పనికొచ్చే లోతు ఏడు శాతం దాకా పోతుంది, అదే 300 మందం రాఫ్ట్ అయితే పదిహేడు.

చైర్ పాదాలు రెండూ ఎదురెదురు దిక్కులకి తిరగాలి, ఒక్కోటి 300 పొడవు ఉంటే కనీసం రెండు రాడ్ల మీద కూర్చుంటుంది. పాదం కింది మ్యాట్ మీదే ఉండాలి, అడుగున వేసిన పీసీసీ కాంక్రీటుకి తగలకూడదు, తగిలితే తేమ ఆ రాడ్ పట్టుకుని లోపలికి ఎక్కుతుంది. బరువంతా అక్కడే దిగుతుంది కాబట్టి పాదాల కిందే కవర్ బ్లాకులు పడేలా చూసుకోండి, లేకపోతే కింది రాడ్లు కుంగి కింద కవర్ తగ్గుతుంది.

కాంక్రీటుకి ముందు షట్టర్ మీది లెవెల్ గుర్తుల మధ్య దారం లాగి, రెండు చైర్ల నడుమ ఒక మనిషిని నిలబెట్టి, దారం నుంచి పై రాడ్ దాకా టేపు పెట్టండి. 50 రావాలి. 60 దాటితే అక్కడ ఇంకో చైర్ దూర్చండి.