పసుపు గళ్లు పంపితే ఆడిటర్‌కి ఏం అర్థం కావాలి?

"మాది ఖమ్మంలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. కొనుగోలు బిల్లులు ఫోన్‌లో స్కాన్ చేసి, యాప్‌తో ఎక్సెల్‌లోకి మార్చి ఆడిటర్ గారికి మెయిల్ చేస్తున్నాను. అనుమానం ఉన్న గళ్లకు పసుపు రంగు వేస్తున్నాను. అయినా నెలనెలా 'ఇదేంటి, అదేంటి' అని ఆయన ఫోన్లే. మెయిల్ ఎలా రాయమంటారు?"

ముందు ఆ రంగు మానేయండి. మీ షీట్‌ని ఆయన సీఎస్‌వీగా, అంటే ఉత్త అక్షరాల ఫైలుగా మార్చి తన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించగానే రంగు పోతుంది. ఒకవేళ ఉన్నా, పసుపు గడి చూసి అంకె అనుమానమా, బిల్లే అనుమానమా అన్నది ఆయనకెలా తెలుస్తుంది? రంగు బదులు 'అనుమానం' అని ఒక కాలమ్ పెట్టి, కారణం అక్షరాల్లో రాయండి. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి, అన్నిట్లోనూ ఈ పసుపే.

అసలు ఏది అనుమానించాలో యాప్‌ని అడిగితే లాభం లేదు. పక్కన చూపించే శాతాలు అక్షరం ఎంత స్పష్టంగా కనిపించిందో చెబుతాయి తప్ప, ఆ అంకె సరైనదో కాదో చెప్పవు. బిల్లులో దానికి ఇంకేదైనా సాక్ష్యం ఉందా అన్నది మీరే చూసుకోవాలి.

డబ్బు అంకెలకు సాక్ష్యం ఉంటుంది. ఒక బిల్లులో పన్నుకు ముందు విలువ 13,450 అని యాప్ చదివిందనుకోండి. సీజీఎస్టీ 1,660.50, ఎస్‌జీఎస్టీ కూడా అంతే, మొత్తం 21,771. కూడి చూస్తే 16,771 వస్తుంది, అయిదు వేలు తేడా. 1,660.50 అనేది 9 శాతమైతే అసలు విలువ 18,450. అంటే 8ని 3గా చదివింది. దీనికి ఆడిటర్‌ని ఇబ్బంది పెట్టక్కర్లేదు, కాగితం చూసి మీరే దిద్దేయొచ్చు. విలువ, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ, మొత్తం వరసగా ఈ నుంచి ఐ దాకా కాలమ్స్‌లో ఉంటే ఈ ఫార్ములా చాలు. రవాణా ఛార్జీ లాంటిది విడిగా ఉంటే దాన్నీ కలపండి. రూపాయి లోపు తేడా రౌండాఫ్‌ది.

```
=IF(ABS(E2+F2+G2+H2-I2)<=1,"సరే","చూడాలి")
```

జీఎస్టీ నంబర్‌కి కూడా సాక్ష్యం దానిలోనే ఉంది. 15 స్థానాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రాకు 37. తర్వాతి పది స్థానాలు పాన్: అయిదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. అందుకే అయిదో స్థానంలో సున్నా కనిపిస్తే అది కచ్చితంగా తప్పు, బహుశా 'ఓ' అక్షరం అయ్యుంటుంది, కాగితం చూడండి. అంకె స్థానంలో ఇంకో అంకె పడితే ఇలా పట్టలేం. అప్పుడు జీఎస్టీ పోర్టల్‌లో నంబర్ వెతికి, వచ్చిన పేరు బిల్లు మీది పేరుతో సరిపోతుందో లేదో చూడండి.

ఏ సాక్ష్యమూ లేనివి బిల్లు నంబర్, తేదీ. మెయిల్ ఉండాల్సింది వీటి గురించే. బిల్లు నంబర్‌లో ఒక్క అంకె తప్పు పడితే, సప్లయర్ రిటర్న్ నుంచి 14వ తేదీన తయారయ్యే జీఎస్టీఆర్-2బిలో అది దొరకదు. సప్లయర్ రిటర్న్ వేయలేదేమో అని ఆడిటర్ అనుకుంటారు, మీరు ఆ సప్లయర్‌తో గొడవ పెట్టుకుంటారు. తప్పేమో మీ ఫోన్ కెమెరాది.

కెమెరా ఒక్కటే కాదు. ఈ స్ప్రెడ్‌షీట్లకు అడగకుండా సాయం చేసే జబ్బుంది. 4-12 అన్న బిల్లు నంబర్‌ని డిసెంబర్ 4గా మార్చేస్తాయి. ముందున్న సున్నాలు మింగేస్తాయి. 16 అంకెల నంబర్ ఇస్తే చివరి అంకెను సున్నా చేసేస్తాయి. సేవ్ చేశాక అసలుది తిరిగి రాదు. ఇన్నేళ్లలో దీన్ని మొదటినుంచీ ఆపేసి ఇవ్వాలని తయారుచేసేవాళ్లకు ఎందుకు తోచదో! యాప్ సీఎస్‌వీ ఫైలు ఇస్తే దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరవకండి. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి, బిల్లు నంబర్, తేదీ కాలమ్స్‌ని 'టెక్స్ట్'గా పెట్టండి.

తేదీల్లో ఇంకో తిరకాసు ఉంది. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే 03/04/2026 అన్నది ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4 అయిపోతుంది, అంటే ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. దీన్ని కనిపెట్టడం తేలికే. కాలమ్‌లో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకు జరిగి ఉంటే కుడివైపువి తారుమారైనవి. 25/03 లాంటివాటికి 25వ నెల లేదు కాబట్టి మామూలు అక్షరాలుగా ఎడమకే మిగులుతాయి.

పెద్ద డిస్ట్రిబ్యూటర్ల బిల్లులకైతే ఇంత శ్రమ ఉండదు. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారులు మరో వ్యాపారికి ఇచ్చే బిల్లు మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. దాంట్లో ఇద్దరి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబర్, తేదీ, మొత్తం ఉంటాయి. మామూలు స్కానర్‌తో అర్థంకాని పొడవాటి వరస వస్తుంది, ప్రభుత్వ వెరిఫయర్ యాప్ వాడండి.

ఇక మెయిల్. ఇంత చాలు:

"ఆడిటర్ గారికి నమస్కారం. ఈ నెల కొనుగోలు బిల్లుల షీట్, స్కాన్లు పంపుతున్నాను. డబ్బు అంకెలు కూడి చూశాను, సరిపోయాయి. 18వ వరసలో యాప్ 13,450 అని చదివింది, కాగితం చూసి 18,450 చేశాను. పాత అంకె పక్క కాలమ్‌లో ఉంది.
వరస 7: బిల్లు నంబర్ 1087 లేదా 1081, కార్బన్ కాపీ చెరిగిపోయింది. 2బిలో ఏది ఉంటే అది తీసుకోండి. రెండూ లేకపోతే చెప్పండి, సప్లయర్‌ని అడుగుతాను.
వరస 23: తేదీ మీద స్టాంపు పడింది. 3వ తేదీ అనుకుంటున్నాను, స్కాన్ 23 చూడండి.
మిగతావాటిలో నాకు అనుమానం లేదు."

ఏం చదివిందో, మీరేం అనుకుంటున్నారో, ఎందుకో, ఏ స్కాన్‌లో ఉందో చెప్పారు కాబట్టి ఆయన ఫోన్ చేయాల్సిన పని ఉండదు. మీరు దిద్దినవి కూడా చెప్పారు చూడండి, అది మర్చిపోవద్దు. మాట్లాడకుండా దిద్దిన అంకె రేపు కాగితంతో సరిపోకపోతే కారణం ఎవరికీ గుర్తుండదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం వేరే. యాప్ బిల్లు అడుగున ఉన్న బ్యాంకు ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కూడా లాగి షీట్‌లో పెడుతుంది. రిటర్న్‌కి వాటితో పని లేదు. ఆ కాలమ్స్ తీసేసి పంపండి. మీ మెయిల్‌లోకో ఆయన మెయిల్‌లోకో దూరినవాడికి ఆ షీట్ దొరికితే, మీరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో మొత్తం తెలిసిపోతుంది. తర్వాత సప్లయర్ పేరుతో, సరైన బిల్లు నంబర్, సరైన మొత్తంతో 'మా ఖాతా మారింది' అని మెయిల్ వస్తుంది. అన్నీ నిజాలే కాబట్టి నమ్మేస్తారు. ఖాతా మారిందన్న మాట వస్తే ఆ మెయిల్‌లోని నంబర్‌కి కాదు, మీ ఫోన్‌లో ముందునుంచీ ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడగండి. మెయిల్ సెట్టింగ్స్‌లో మీరు పెట్టని ఫార్వర్డింగ్, ఫిల్టర్ ఏదైనా ఉందేమో చూడండి. పాస్‌వర్డ్ మార్చినా అవి అలాగే పనిచేస్తూ ఉండొచ్చు. డబ్బు వెళ్లిపోతే ఆలస్యం చేయకుండా బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.

షీట్‌తో పాటు జీఎస్టీ పోర్టల్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా అదే మెయిల్‌లో పెట్టేవాళ్లు ఉన్నారు. మీరూ పెట్టి ఉంటే ఇవాళే మార్చండి.