సేవ్‌లు వస్తున్నాయి, క్లయింట్లు రావట్లేదు

ప్రశ్న: బిహాన్స్‌లో నా ప్యాకేజింగ్ పనులకు సేవ్‌లు బాగానే పడుతున్నాయి. "సూపర్ వర్క్" అని కామెంట్ పెట్టి వెళ్ళిపోతారు. వీళ్ళలో క్లయింట్ ఎవరో ఎలా తెలుస్తుంది? ముందు నేనే మెసేజ్ పెట్టొచ్చా?

జవాబు: "సూపర్" అనేవాళ్ళు ఎక్కువగా మనలాంటి డిజైనర్లే. ఫాంట్ ఏంటి, మాకప్ ఎక్కడిది అని అడిగేవాళ్ళూ అంతే. థాంక్స్ చెప్పి వదిలేయండి. సరుకు గురించి అడిగినవాళ్ళని మాత్రం వదలొద్దు.

నా గానుగ నూనె లేబుల్ కింద ఒకాయన "సీసా మీద నూనె కారితే ఈ లేబుల్ నిలుస్తుందా?" అని అడిగారు. నూనె అమ్మేవాళ్ళకే వచ్చే సందేహం అది. మామూలు కాగితం నూనె పీల్చి మచ్చలు పడుతుంది, అందుకే బీఓపీపీ అనే ప్లాస్టిక్ ఫిల్మ్ మీద వేయించి పైన లామినేషన్ చేయించాం అని అక్కడే పూర్తిగా జవాబిచ్చాను. "వివరాలు ఇన్‌బాక్స్‌లో" అని ఊరించడం నాకు నచ్చదు, పైగా ఆ జవాబు చదివేది ఆయనొక్కరే కాదు.

ఆ తర్వాతే మెసేజ్ పెట్టాను. రేటు లేదు, నా గొప్పలు లేవు. "మీరూ నూనెలు ప్యాక్ చేస్తారా? ఏయే సైజులు?" అంతే. పల్లీ, నువ్వులు, కొబ్బరి. ఒక్కోటి అర లీటరు, లీటరు అన్నారు. వినడానికి ఆరు లేబుళ్ళు. పనిగా చూస్తే ఒక అసలు డిజైన్, దాని మీద ఐదు మార్పులు. కొటేషన్ కూడా అలాగే విడదీసి ఇస్తే బేరం పెద్దగా సాగలేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు, నికర పరిమాణం, ఎమ్మార్పీ లాంటి వెనక లేబుల్ వివరాలు ఆయనే రాసివ్వాలని, సగం అడ్వాన్స్ వచ్చాకే మొదలుపెడతానని అందులోనే రాశాను.

సేవ్‌ల సంగతి వేరు. మీ పనిని ఏ మూడ్‌బోర్డ్‌లో సేవ్ చేశారో అది పబ్లిక్ అయితే తెరిచి చూడండి. "ఇన్‌స్పిరేషన్" అని పేరుండి అన్ని రకాలూ కలిసి ఉంటే దాటేయండి. అన్నీ తేనె సీసాలే ఉండి, ప్రొఫైల్లో ఏదో వ్యాపారం కనబడితే అక్కడ ఒక మెసేజ్ పెట్టొచ్చు. "నా పని సేవ్ చేశారు కదా" అని మొదలుపెడితే నిఘా పెట్టినట్టుంటుంది. ప్రాజెక్టులో పెట్టని వెనక లేబుల్ ఫొటో ఒకటి పంపి, తేనె ప్యాకింగ్ పనేమైనా నడుస్తోందా అని అడగండి. చాలామంది పలకరు. రెండోసారి అడగొద్దు.

అసలు సరుకు గురించి అలాంటి ప్రశ్నలు రావాలంటే ప్రాజెక్టులో మాకప్‌లు తగ్గించి, ప్రింటై వచ్చిన సీసా ఫొటోలు, లేబుల్ కొలతలు, ఏ మెటీరియల్ ఎందుకు వాడారో రెండు వాక్యాలు పెట్టండి. డ్రిబుల్‌లో కూడా పెడుతుంటే ఒక జాగ్రత్త: 2025లో వాళ్ళు నియమాలు మార్చారు. అక్కడ పరిచయమైన కొత్త క్లయింట్‌కి ఫోన్ నంబరు, మెయిల్ ఇచ్చేముందు ఇప్పటి నియమాలు ఒకసారి చదవండి.