బోర్డులు లోపంతో వచ్చాయి, మెయిల్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: విజయవాడలో పిల్లలకు ఎలక్ట్రానిక్స్ నేర్పే చిన్న సెంటర్ నడుపుతున్నాను. బెంగళూరు డీలర్ దగ్గర ఒక్కోటి 420 రూపాయల చొప్పున 40 ఈఎస్‌పీ32 బోర్డులు కొన్నాను, డబ్బు ముందే కట్టేశాను. సరుకు అందిన 12వ రోజున వాడటం మొదలుపెడితే 11 బోర్డుల్లో వోల్టేజ్ రెగ్యులేటర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. రెండింటికి నేనే కొత్తది వేసుకున్నాను. ‘7 రోజుల్లోపే అని బిల్లు మీద ఉంది కదండీ’ అంటున్నాడు డీలర్. మార్చి ఇమ్మని మెయిల్ ఎలా రాయాలి?

జవాబు: ముందు సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టండి. మిగతా తొమ్మిది బోర్డుల మీద ఇక చెయ్యి వేయకండి. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 42 ప్రకారం, వచ్చిన సరుకును కొన్నవాడు సొంత వస్తువులా వాడుకుంటే దాన్ని స్వీకరించినట్టే లెక్క. స్వీకరించాక తిరస్కరించే హక్కు పోతుంది, నష్టపరిహారం అడిగే హక్కే మిగులుతుంది. భాగం మార్చడం అలాంటి పనేనని అవతలి లాయరు తప్పకుండా అంటాడు. అందుకే ఆ రెండు బోర్డులకూ రిపేరు ఖర్చు మాత్రం అడగండి.

ఇక ఆ 7 రోజుల మాట. అది కొటేషన్‌లోనో, ఆర్డరు పెట్టిన పేజీలోనో ముందే ఉందా, లేక సరుకుతో వచ్చిన బిల్లు మీదే మొదటిసారి చూశారా? బిల్లు మీదే అయితే, బేరం కుదిరాక చేర్చిన షరతు మీకు వర్తించదని గట్టిగా వాదించవచ్చు. అప్పుడు సెక్షన్ 16 మీకు అండ: అలాంటి సరుకు అమ్మే వ్యాపారి వర్ణన చెప్పి అమ్మితే, అది అమ్మదగిన నాణ్యతతో ఉండాలి. కొనేటప్పుడు పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో తెలిసిపోయే లోపాలకు ఈ రక్షణ లేదు. రెగ్యులేటర్ లోపం కంటికి కనిపించేది కాదు, కరెంటిస్తేనే బయటపడుతుంది. ముందే ఒప్పుకున్న షరతయితే మాత్రం సెక్షన్ 62 కింద డీలర్ వాదనకు బలం ఉంటుంది.

చాలామందికి తెలియనిది ఒకటుంది. ‘మార్చి ఇవ్వాలి’ అనే హక్కు ఈ చట్టంలో నేరుగా లేదు. తిరస్కరించి డబ్బు వెనక్కి అడగడం, లేదా సెక్షన్ 59 కింద ధర తగ్గింపో పరిహారమో కోరడం, ఇవే ఉన్నాయి. కాబట్టి మెయిల్‌లో వేడుకోలు కాక తిరస్కరణ కనిపించాలి. మార్పిడి మీరిస్తున్న అవకాశంలా ఉండాలి. ఏ భాషలో రాసినా ఈ వరస చాలు:

“మీ బిల్లు నంబరు (ఫలానా) కింద ఫలానా తేదీన అందిన 40 బోర్డుల్లో 11 లోపంతో ఉన్నాయి. యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు ఇచ్చినప్పుడు 3.3 వోల్టుల పిన్ దగ్గర 4.6 నుంచి 4.8 వోల్టులు వస్తున్నాయి. బోర్డులకు మరే సప్లయ్ ఇవ్వలేదు. కొలతల ఫొటోలు జతపరిచాను. 9 బోర్డులను తిరస్కరిస్తున్నాను. 10 రోజుల్లో మార్చి ఇవ్వండి, లేదా వాటి ధర 3,780 రూపాయలు తిరిగి చెల్లించండి. నేను బాగు చేసుకున్న 2 బోర్డుల ఖర్చు వేరుగా కోరుతున్నాను. 9 బోర్డులూ మీ తరఫున భద్రంగా ఉంచాను, తీసుకెళ్లే ఏర్పాటు చేయండి.”

అంకెలు నావి, మీ మల్టీమీటర్‌లో వచ్చినవే రాయండి. ఈఎస్‌పీ32 చిప్‌కు 3.6 వోల్టులు దాటకూడదు, అందుకే ఆ కొలతే మీ సాక్ష్యం. ‘మీరే ఎక్కువ వోల్టేజ్ ఇచ్చి కాల్చుకున్నారు’ అనేది డీలర్ల మొదటి జవాబు. ఇంకా కవరు విప్పని బోర్డులేమైనా మిగిలి ఉంటే, విప్పడం నుంచి మీటరు రీడింగ్ దాకా ఒకే వీడియోగా తీస్తూ పరీక్షించండి. ఇక తిరస్కరించిన సరుకును మీ ఖర్చుతో పంపాల్సిన పనిలేదు, తిరస్కరించానని తెలియజేస్తే చాలని సెక్షన్ 43 చెబుతోంది.

ఒక చిక్కు మాత్రం దాచను. 31 బోర్డులు ఉంచుకుని 9 మాత్రమే తిరస్కరించవచ్చా? ఒప్పందం విడదీయలేనిదైతే, సెక్షన్ 13 ప్రకారం కొంత స్వీకరించినవారికి పరిహారమే గతి. ఒక్కో బోర్డుకు విడిగా ధర ఉందని మీరు వాదించవచ్చు కానీ, అది ఖాయంగా నిలుస్తుందని చెప్పను. మెయిల్‌లో ‘లేదా ధర’ అన్నది అందుకే.

వినియోగదారుల కమిషన్‌ సంగతి: అక్కడ వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 39 కింద మార్పిడికే ఆదేశం ఇవ్వవచ్చు. కానీ వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. సెంటర్ మీ స్వయం ఉపాధికీ జీవనోపాధికీ మాత్రమే అయితే మినహాయింపు ఉంది. ఎంతమంది పనిచేస్తున్నారో, బిల్లు ఎవరి పేరున ఉందో రాస్తే దాని మీద చెబుతాను. మెయిల్ మాత్రం ఈ రోజే పంపండి. ఫోన్‌లో మాట్లాడుకున్నదీ అందులో ఒక వాక్యంలో రాయండి.