శ్రీచక్రంలో గీతలు ఎందుకు కలవడం లేదు?

శ్రీచక్రం చేత్తో గీస్తుంటే మధ్యలో గీతలు కలవడం లేదు. ఎక్కడ తప్పుతోంది? గీశాక ధ్యానం ఎలా?

ముందు అడ్డగీతల దూరాలు చూసుకోండి, తప్పు ఎక్కువగా అక్కడే. 24 సెంటీమీటర్ల వ్యాసంతో వృత్తం గీసి, నిలువు వ్యాసాన్ని అర సెంటీమీటరు చొప్పున 48 భాగాలు చేయండి. పైనుంచి 6, 12, 17, 20, 23, 27, 30, 36, 42 దగ్గర అడ్డగీతలు వస్తాయి. వీటిలో 17, 30 మాత్రమే వృత్తాన్ని తాకాలి. మిగతావి కూడా అంచుదాకా లాగేస్తే ఇక కుదరదు.

మూడు గీతలు కలిసే చోటు మర్మస్థానం. అక్కడ ఆవగింజంత అదనపు త్రిభుజం కనిపించిందంటే ఏదో గీత జరిగినట్టే. చివర్లో త్రిభుజాలు లెక్కపెట్టండి: బయటినుంచి 14, 10, 10, 8, నడుమ 1, మొత్తం 43 రావాలి.

ధ్యానంలో చూపు బయటి భూపురం దగ్గర మొదలై, ఒక్కో ఆవరణలో ఆగుతూ బిందువు చేరుతుంది. నవావరణ పూజ నడిచేదీ ఈ సంహార క్రమంలోనే.