కదలని స్ప్రింగే విరిగింది

“రెండు స్ప్రింగులు సిరీస్‌లో ఉంటే గట్టిది పెద్దగా నొక్కుకోదు కదా, దాని షియర్ ప్రతిబలం లెక్కించాలా?”

లెక్కించాలి. నేనైతే ముందు దానితోనే మొదలుపెడతాను. ఎందుకంటే నా చేతిలో విరిగింది అదే.

బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసే రోజుల్లో, ప్రెస్సు కింద పలకను పైకి నెట్టడానికి ఒకే కడ్డీకి రెండు స్ప్రింగులు తొడిగి, మధ్యలో వాషర్ వేశాం. పెద్దదాని తీగ 8 మి.మీ., సగటు వ్యాసం 80, చుట్లు 8. చిన్నదాని తీగ 5, సగటు వ్యాసం 20, చుట్లు 10. ప్రతి దెబ్బకూ భారం 1000 న్యూటన్లు. సిరీస్ కాబట్టి రెండింటి మీదా అదే 1000, సగం సగం కాదు.

కుంగుదల δ = 8FD³n/(Gd⁴). ఇందులో F భారం, D సగటు వ్యాసం, n చుట్లు, d తీగ మందం, G స్టీలు షియర్ మాడ్యులస్. G 80,000 N/mm² అనుకుంటే పెద్దది 100 మి.మీ., చిన్నది 12.8 మి.మీ. కుంగుతాయి, మొత్తం 112.8. “ఆ చిన్నది కదలనే కదలదు, దానికేమవుతుందయ్యా?” అన్నారు మా ఫోర్‌మన్. కొన్ని వారాలకే అది రెండు ముక్కలైంది. పగులు చుట్టు లోపలి వైపు మొదలై, తీగకు ఏటవాలుగా పోయింది.

షియర్ ప్రతిబలానికి 8FD/(πd³) ఒక్కటే వేస్తే పెద్దదానిలో 398, చిన్నదానిలో 407 మెగాపాస్కల్‌లు వస్తాయి. ఇంచుమించు సమానమే అనిపిస్తుంది. కానీ తీగ వంపు తిరిగినప్పుడు లోపలి అంచు పొడవు తక్కువ, మెలి మాత్రం అంతే. పైగా నేరుగా పడే కోత కూడా అక్కడే కలుస్తుంది. దానికే వాల్ గుణకం: K = (4C−1)/(4C−4) + 0.615/C, ఇక్కడ C = D/d. పెద్దదానికి C 10, K 1.145, ప్రతిబలం 456. చిన్నదానికి C 4, K 1.404, ప్రతిబలం 572. భారం మళ్లీ మళ్లీ పడే చోట K వేయని లెక్కకు సున్నా మార్కులు వేయాలని నా అభిప్రాయం. అలాగని కుంగుదలను కూడా K తో గుణించేవారున్నారు. దానికి అక్కడ పనిలేదు.

ఇంకో బాధ చెప్పాలి. వెర్నియర్‌తో బయటి వ్యాసం కొలిచి, తీగ మందం తీసేయకుండా D స్థానంలో వేస్తారు. మా చిన్న స్ప్రింగుకు 20 బదులు 25 వేసి చూడండి, ఘనం వల్ల కుంగుదల దాదాపు రెట్టింపవుతుంది. ఆ తర్వాత “స్టీలు మంచిది కాదు” అని దుకాణదారుతో తగాదా!

చివరికి చిన్నదాని స్థానంలో 6 మి.మీ. తీగ, 30 సగటు వ్యాసం, 6 చుట్లతో చేయించాం. కుంగుదల 12.5 మి.మీ., అంటే గట్టిదనం దాదాపు మారలేదు. C 5 కావడంతో K 1.31కి తగ్గి, ప్రతిబలం 463కు దిగింది. మధ్య వాషర్‌ను మాత్రం లావు స్ప్రింగుకు సరిపడేలా కొత్తగా తిప్పించాల్సి వచ్చింది.